మూడు నెలల పని, ఒక్క పేజీ లెక్క



ఆసుపత్రిని నడిపించే కమిటీ మూడు నెలలకొకసారి కూర్చున్నప్పుడు వారి ముందుకు ఒక కాగితం వెళుతుంది. ఈ మూడు నెలల్లో ఏమి సాధించాలనుకున్నాము, ఎంత సాధించాము, ఎక్కడ తప్పిపోయాము, వచ్చే మూడు నెలల్లో ముందుగా ఏమి చేయాలి అన్నది అందులో ఉంటుంది. అటువంటి కమిటీలలో డాక్టర్లు, సిస్టర్లతోపాటు సంఘ కుటుంబాల నుండి వచ్చిన పెద్దలు కూడా ఉంటారు. రిటైరైన టీచరుగారు ఉంటారు, బ్యాంకులో పని చేసిన వారు ఉంటారు. వారికి వైద్యం తెలియకపోయినా ఈ కాగితం అర్థం కావాలి. అందువల్లనే అది ఒక్క పేజీ దాటకూడదని పట్టుబడతారు. ఆ పేజీని ఎలా వ్రాస్తారో, ఎలా చదవాలో ఈ సంచికలో చెప్పుకుందాము.

ఒక్క పేజీ అంటే తక్కువ పని అనుకోవద్దు. నర్సులందరికీ తెలిసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో బ్రిటిష్ సైన్యపు ఆసుపత్రుల స్థితి గురించి 800 పేజీలకు పైబడిన నివేదిక వ్రాసింది. అంత పెద్ద పుస్తకం ఎందరు చదువుతారు? క్రిమియా యుద్ధంలో గాయాలవల్ల చనిపోయిన సైనికులకంటే, నివారించదగిన జబ్బులవల్ల చనిపోయిన వారే చాలా ఎక్కువ అన్న సంగతిని ఆమె రంగులు వేసిన ఒక బొమ్మలో చూపించింది. నెలకొక ముక్క చొప్పున గుండ్రంగా గీసిన ఆ బొమ్మ ఈనాటికీ నర్సింగు పాఠ్యపుస్తకాలలో కనిపిస్తుంది. పట్టికలు చదవని పెద్దలు కూడా ఆ ఒక్క కాగితం చూసి విషయం గ్రహించగలరని ఆమె ఎరుగును.

ఇక మన పేజీకి వద్దాము. నూరు పడకలున్న ఒక ఆసుపత్రిని ఊహించుకోండి. ఈ అంకెలు ఏ ఆసుపత్రివీ కావు, లెక్క తెలియడానికి వేసిన మాదిరి అంకెలు. మన లెక్కల సంవత్సరం ఏప్రిల్‌తో మొదలవుతుంది కనుక జులై, ఆగస్టు, సెప్టెంబరు కలిపి రెండవ త్రైమాసికం. నర్సింగు విభాగం ఆ కాలానికి మూడే లక్ష్యాలు పెట్టుకున్నది. పేజీ ఇలా ఉంటుంది:

నర్సింగు విభాగం: జులై నుండి సెప్టెంబరు వరకు

లక్ష్యం 1. ఆసుపత్రిలో చేరిన తరువాత వచ్చే పడక పుండ్లు తగ్గించుట. క్రితం సారి 1000 రోగి-రోజులకు 2.0. లక్ష్యం 1.0. ఇప్పుడు 1.2. పసుపు.

లక్ష్యం 2. పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టించుట. క్రితం సారి 65 శాతం. లక్ష్యం 80. ఇప్పుడు 67. ఎరుపు.

లక్ష్యం 3. బి.పి., షుగరు ఓ.పి.లో చీటీ తీసుకున్నప్పటి నుండి డాక్టరును చూసే వరకు పట్టే సమయం. క్రితం సారి 90 నిమిషాలు. లక్ష్యం 60. ఇప్పుడు 55. ఆకుపచ్చ.

తప్పినవి, కారణాలు: రెండు పేరాలు.

వచ్చే త్రైమాసికంలో ముందుగా చేయవలసినవి: రెండు.

కమిటీ నుండి కోరుతున్న నిర్ణయం: ఒకటి.

అంతే. ఈ రంగుల సంగతి ముందుగా చెప్పాలి. లక్ష్యం చేరితే ఆకుపచ్చ. చేరకపోయినా సగానికి మించి దూరం నడిస్తే పసుపు. సగం కూడా నడవకపోతే ఎరుపు. పడక పుండ్లు 2.0 నుండి 1.0కి రావాలి, 1.2కి వచ్చాయి. పది అడుగుల్లో ఎనిమిది వేసినట్లు, కనుక పసుపు. తల్లిపాల విషయంలో 65 నుండి 80కి పదిహేను మెట్లు ఎక్కాలి, రెండే ఎక్కాము, కనుక ఎరుపు. ఈ నియమం జులై ఒకటవ తేదీకి ముందే కాగితం మీద పెట్టి ఉండాలి. త్రైమాసికం అయిపోయిన తరువాత అంకెను చూసి రంగు ఎన్నుకుంటే ఏ విభాగమూ ఎరుపు వేసుకోదు. ఎరుపు ఎన్నడూ కనిపించని కాగితాలు నాలుగైదు వరుసగా వస్తే కమిటీవారు సంతోషించడం మాని, లక్ష్యాలను ఎవరు, ఎప్పుడు పెట్టారని అడగడం మంచిది.

పడక పుండ్ల లెక్క

మంచం దిగలేని రోగి ఒకే వైపు పడుకుని ఉంటే నడుము క్రింది ఎముక, మడమలు, తుంటి దగ్గర చర్మం నలిగి రక్తం అందక పుండు పడుతుంది. మొదట ఎర్రగా కందినట్లు ఉంటుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. మన చామనఛాయ చర్మం మీద ఎరుపు సరిగా కనబడదు. అందుచేత చేత్తో తాకి చూడాలి. ప్రక్కనున్న చర్మం కంటే వేడిగానో గట్టిగానో తగిలితే అది పుండుకు మొదటి దశ.

ఇప్పుడు లెక్క చూడండి. ఏప్రిల్ నుండి జూన్ వరకు 12 మందికి పుండ్లు వచ్చాయి. జులై నుండి సెప్టెంబరు వరకు 9 మందికి. పన్నెండు నుండి తొమ్మిదికి, అంటే నాలుగవ వంతు తగ్గింది అని వ్రాయవచ్చు. కాని అది సరియైన లెక్క కాదు. వేసవిలో పడకలు కొన్ని ఖాళీగా ఉండెను. వానాకాలంలో జ్వరాలతో వార్డులు నిండాయి. అందుకే ప్రతి రాత్రి 12 గంటలకు నైట్ సిస్టరు వార్డులలో ఉన్న రోగులను లెక్కించి సెన్సస్ పుస్తకంలో వ్రాస్తుంది. ఆ అంకెలన్నీ కూడితే రోగి-రోజులు వస్తాయి. మొదటి త్రైమాసికంలో 6,000, రెండవదానిలో 7,500. పన్నెండును ఆరు వేలతో భాగించి వెయ్యితో హెచ్చవేస్తే 2.0. తొమ్మిదిని ఏడు వేల ఐదు వందలతో భాగించి వెయ్యితో హెచ్చవేస్తే 1.2. నిజమైన తగ్గుదల నాలుగవ వంతు కాదు, అంతకంటే ఎక్కువే. ఇంకొక ఆసుపత్రిలో ఇది తలక్రిందులుగా కూడా ఉండవచ్చు. పుండ్ల సంఖ్య తగ్గినట్లు కనిపించి, రోగులు అంతకంటే ఎక్కువగా తగ్గి ఉంటే రేటు నిజానికి పెరిగినట్లే. కాబట్టి పేజీలో ఒక్క అంకె ఉండి, దేనితో భాగించారో లేకపోతే దానిని నమ్మవద్దు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. కొందరు రోగులు ఇంటి నుండి, లేక వేరే ఆసుపత్రి నుండి పుండుతోనే వస్తారు. వారిని ఈ లెక్కలో చేర్చకూడదు. అందుకు చేర్చుకున్న రోజునే సిస్టరు వీపు, తుంటి, మడమలు చూసి కేసు షీటులో వ్రాసి సంతకం చేయాలి. అలా వ్రాయని చోట, పది రోజుల తరువాత పుండు కనబడితే, “వచ్చినప్పుడే ఉన్నదండీ” అనే మాట వినిపిస్తుంది. దీనిని పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆసుపత్రిలో వచ్చిన పుండ్లు తగ్గుతున్న త్రైమాసికంలోనే “వచ్చినప్పుడే ఉన్న” పుండ్లు అంతకు అంత పెరిగితే, తేదీ వేసిన మొదటి రోజు పరీక్ష కాగితాలు తెప్పించి చూడాలి.

మరొక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి వింతగా తోస్తుంది. ఏ ఆసుపత్రిలోనైనా సిస్టర్లు మొట్టమొదటిసారి పుండ్లను శ్రద్ధగా వెదకడం మొదలుపెట్టిన త్రైమాసికంలో అంకె పెరుగుతుంది. ఇదివరకు ఎవరూ వ్రాయని మొదటి దశ పుండ్లు ఇప్పుడు పుస్తకంలోకి ఎక్కుతాయి. ఆ పెరుగుదలను చూసి వార్డు సిస్టరును కమిటీ ముందు నిలబెట్టి కేకలు వేస్తే, మరుసటి త్రైమాసికంలో అంకె తగ్గుతుంది. పుండ్లు తగ్గి కాదు, వ్రాయడం తగ్గి. అందుచేత దశలు విడదీసి చూపించాలి. మన మాదిరిలో తొమ్మిదిలో ఏడు మొదటి, రెండవ దశలవి, రెండు మూడవ దశవి. లోతైన పుండ్లను ఎవరూ దాచలేరు కనుక, వాటి సంఖ్య తగ్గుతున్నదా లేదా అన్నది గట్టి సాక్ష్యం.

తప్పిన దానికి కారణం వ్రాయుట

పేజీలో నేను ముందుగా చదివేది ఈ భాగమే. 1.0 రావలసినది 1.2 వచ్చింది, ఎందువలన? “స్టాఫ్ కొరత వలన” అని వ్రాస్తే అది కారణం కాదు, సాకు. ఆ మాట ఏ ఆసుపత్రిలో, ఏ సంవత్సరంలో, ఏ తప్పుకైనా సరిపోతుంది. ఎక్కడ, ఏ సమయంలో, ఏ పని జరగలేదు అన్నది వ్రాయాలి.

మన మాదిరిలో తొమ్మిది కేసు షీట్లు తీసి చూశారు. ఆరుగురు మగవారి మెడికల్ వార్డు రోగులు, ఎక్కువమంది పక్షవాతంతో వచ్చినవారు. రెండేసి గంటలకు రోగిని ప్రక్కకు తిప్పినట్లు వ్రాసే చార్టు ప్రతి మంచానికి వేలాడుతూ ఉంటుంది. ఆ ఆరు చార్టులలో పగలు గళ్లు నిండి ఉన్నవి. రాత్రి 2 గంటలు, 4 గంటల గళ్లు చాలావరకు ఖాళీ. ఆ వార్డులో రాత్రి ముప్పై మందికి ఒక సిస్టరు ఉంటుంది. బరువైన మనిషిని ఒక్కరే తిప్పడం సాధ్యం కాదు, లాగితే చర్మం ఇంకా చెడుతుంది. ఇప్పుడు కారణం దొరికింది: మగవారి మెడికల్ వార్డులో, రాత్రి వేళ, తిప్పడానికి రెండవ మనిషి లేరు. “స్టాఫ్ కొరత” అన్నదానికి, దీనికి ఉన్న తేడా ఏమిటంటే, దీనికి కమిటీ ఏమి చేయాలో వెంటనే తెలుస్తుంది.

ఇదే పేజీలో “నాలుగు గాలి పరుపులు కొన్నాము” అని గొప్పగా వ్రాసుకోవచ్చు. కొన్నమాట నిజమే కావచ్చు. కాని అది చేసిన పని, వచ్చిన ఫలితం కాదు. గాలి పరుపు మీద పడుకోబెట్టినా రోగిని తిప్పడం మానకూడదు. కరెంటు పోతే ఆ పరుపులో గాలి దిగిపోయి రోగి గట్టి మంచం మీద పడుకున్నట్లే అవుతుంది, రాత్రిపూట ఎవరూ గమనించరు కూడా. కొన్న వస్తువులు, పెట్టిన క్లాసులు, వేసిన పోస్టర్లు లక్ష్యాల వరుసలో కనిపిస్తే వాటిని క్రింద వేరే చోటికి పంపాలి. లక్ష్యం రోగి శరీరం మీదనో, రోగి సమయం మీదనో కనబడాలి.

సగటు దాచిన సంగతి

రెండవ లక్ష్యం తల్లిపాలది. బిడ్డ పుట్టిన గంటలోపు రొమ్ముకు అందించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ముర్రుపాలు పిండి పారబోసి, చెంచాతో తేనె నాకించే అలవాటు మన ఇళ్లలో ఇంకా పూర్తిగా పోలేదని పెద్దమ్మలకు, అమ్మమ్మలకు నేను చెప్పనక్కరలేదు. తేనె ఏడాది నిండని పిల్లలకు ప్రమాదకరం కూడా.

మాదిరి లెక్కలో 180 కాన్పులు, వాటిలో 120 మందికి గంటలోపు పాలు పట్టించారు. నూటికి 67. క్రితం సారి 65 కనుక “స్వల్ప అభివృద్ధి” అని వ్రాసి ముగించవచ్చు. అలా వ్రాస్తే అసలు విషయం కమిటీకి ఎన్నటికీ తెలియదు. విడదీసి చూడండి. మామూలు కాన్పులు 120, వాటిలో 108 మందికి పట్టించారు, అంటే 90 శాతం. సిజేరియన్ కాన్పులు 60, వాటిలో 12 మందికి మాత్రమే, అంటే 20 శాతం. లేబర్ రూములో పని చక్కగా జరుగుతున్నది. తప్పంతా ఆపరేషన్ థియేటరు గుమ్మం దగ్గర ఉన్నది. ఊపిరి సరిగా తీయక ప్రత్యేక వైద్యం కావలసిన శిశువులను, పూర్తి మత్తు ఇచ్చిన తల్లులను ఈ లెక్కలోకి తీసుకోలేదని పేజీలో ఒక చిన్న వాక్యం కూడా ఉండాలి. లేకపోతే డాక్టరుగారు మొదట అడిగే ప్రశ్న అదే.

థియేటరులో ఏమి జరుగుతున్నది? బిడ్డను తుడిచి, తూచి, గుడ్డలో చుట్టి బయట వేచియున్న అమ్మమ్మ చేతిలో పెడతారు. తల్లి కుట్లు ముగిసి, రికవరీ గదిలో ఉండి, వార్డుకు వచ్చేసరికి గంట దాటిపోతుంది. నడుముకు మత్తు ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది, ఆమెకు ప్రక్కన ఒక సిస్టరు నిలబడి బిడ్డను పట్టుకుంటే రికవరీ గదిలోనే రొమ్ముకు అందించవచ్చు. ఆ సిస్టరు ఎవరు అన్న ప్రశ్నకు డ్యూటీ పట్టికలో జవాబు లేదు. లేబర్ రూము వారు థియేటరు వారి పని అనుకుంటారు, థియేటరు వారు వార్డు వారి పని అనుకుంటారు. ఎరుపు గుర్తు వెనుక ఉన్నది ఇదే.

కమిటీలో ఒక పెద్దాయన ఇలా అడగవచ్చు: “సిస్టరుగారూ, అయితే వచ్చేసారి 80 పెట్టుకుందామా మళ్లీ?” వద్దండి. మొత్తానికి 80 అని పెట్టుకుంటే ఇప్పటికే బాగా ఉన్న లేబర్ రూము మీదనే అందరూ ఒత్తిడి పెడతారు. సిజేరియన్ కాన్పులకు 20 నుండి 50కి రావాలని పెట్టుకుందాము. మామూలు కాన్పులలో 90 క్రిందికి దిగకుండా చూసుకుందాము. 60లో 30 మందికి పట్టించగలిగితే మొత్తం లెక్క దానంతట అదే 138కి, అంటే నూటికి 77కి వెళుతుంది.

మూడవ లక్ష్యం ఆకుపచ్చ. దాని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఒక్క మాట తప్ప. ఈ 55 నిమిషాలు చీటీ చేతికి వచ్చినప్పటి నుండి లెక్కించినవి. పల్లె నుండి మొదటి బస్సుకు వచ్చి ఆరు గంటలకు గేటు దగ్గర కూర్చున్న మనిషికి ఎనిమిదింటికి చీటీ ఇస్తే, ఆ రెండు గంటలు ఎవరి లెక్కలోనూ లేవు. చీటీలు ఆలస్యంగా ఇస్తే ఈ అంకె ఇంకా అందంగా వస్తుంది. వరండాలో కూర్చున్న మీకే ఇది బాగా తెలుసు కనుక, నోటీసు బోర్డు మీద ఈ అంకె చూసినప్పుడు గడియారం ఎక్కడ మొదలైందని అడగండి.

ముందుగా చేయవలసినవి

ఇక్కడ ఎనిమిది, పది పనులు వ్రాయాలని ఎవరికైనా ఆశగా ఉంటుంది. రెండు చాలు. ఒకటి: అక్టోబరు 20 నుండి మగవారి మెడికల్ వార్డులో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఒక ఆయా ఉండాలి, రాత్రి 2, 4 గంటల గళ్లు ప్రతి సోమవారం వార్డు సిస్టరు చూసి లెక్క వ్రాయాలి. రెండు: ప్రతి సిజేరియన్‌కు బిడ్డతోపాటు ఉండే సిస్టరు పేరు ముందే డ్యూటీ పట్టికలో వ్రాయాలి, దీనికి బాధ్యత లేబర్ రూము ఇన్‌ఛార్జి సిస్టరుది. ప్రతి పనికి ఒక మనిషి, ఒక తేదీ, పని జరిగిందో లేదో తెలిసే ఒక గుర్తు ఉండాలి. “అందరూ శ్రద్ధ వహించవలెను” అన్న వాక్యానికి ఈ మూడూ ఉండవు.

ఏది ఆపుతున్నామో కూడా వ్రాయాలి. ఉన్న మనుషులతోనే కొత్త పని చేయాలంటే పాతది ఒకటి తగ్గాలి. ఓ.పి. సమయాలను వారానికి రెండు రోజులు వ్రాసుకునే పని ఇక నెలకు ఒక రోజు చాలు, ఎందుకంటే ఆ లక్ష్యం చేరింది. ఆ సిస్టరు సమయం పడక పుండ్ల చార్టులకు వెళుతుంది.

ఆఖరున కమిటీని అడిగేది ఒక్కటే: రాత్రి డ్యూటీకి ఒక ఆయాను మంజూరు చేయుట. డబ్బు ఎంతో, ఏ ఖాతాలోనుండి వస్తుందో ప్రక్కనే వ్రాయాలి. నిర్ణయం కోరకుండా ముగిసే పేజీ చదివి కమిటీవారు తల ఊపి, టీ త్రాగి, ఇండ్లకు వెళతారు.

చిన్న అంకెల విషయంలో ఒక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. తొమ్మిది పుండ్లు వచ్చే త్రైమాసికానికి పదకొండు కావచ్చు, ఏడు కావచ్చు, మనం ఏమీ మార్చకపోయినా. కాబట్టి ఒక్క త్రైమాసికం చూసి ఎవరినీ మెచ్చుకోవద్దు, నిందించవద్దు. గడిచిన నాలుగు త్రైమాసికాల అంకెలు ప్రక్కప్రక్కన ఉంటే దారి ఎటు పోతున్నదో తెలుస్తుంది. అలాగే రోగి పేరు గాని, మంచం నంబరు గాని ఈ పేజీలో ఉండకూడదు. “మూడవ దశ పుండు వచ్చిన ఇద్దరిలో ఒకరు పక్షవాతంతో వచ్చిన ఫలానా ఊరి వృద్ధుడు” అని వ్రాస్తే పేరు వ్రాసినట్లే, సంఘంలో అందరికీ తెలిసిపోతుంది.

తేదీల సంగతి: సెప్టెంబరు 30న త్రైమాసికం ముగుస్తుంది. అక్టోబరు 5 లోపు సెన్సస్, కాన్పుల రిజిస్టరు, చార్టుల లెక్కలు మూసివేయాలి. 10వ తేదీకి పేజీ సిద్ధం కావాలి, 15వ తేదీలోగా కమిటీ కూర్చోవాలి. నవంబరులో కూర్చుంటే వచ్చే త్రైమాసికంలో సగం అప్పటికే గడిచిపోయి ఉంటుంది.

జనవరిలో తిరిగి పేజీ వ్రాసేటప్పుడు మొదటి రెండు వరుసలు కొత్తవి కావు. అక్టోబరులో చేస్తామని వ్రాసిన ఆ రెండు పనులు అవే మాటలతో పైన దిగాలి: ఆయా వచ్చిందా, ఏ తేదీన? బిడ్డతో ఉండే సిస్టరు పేరు ఎన్ని సిజేరియన్లకు పట్టికలో వ్రాశారు? ఆ తరువాతనే అంకెలు.